బ్యాంకు ప్రకటించిన వడ్డీ రేటు, ఖాతాలో పడిన వడ్డీ: సరిచూసుకోవడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

రిజర్వ్ బ్యాంకు 2025లో రెపో రేటును 6.50 శాతం నుంచి విడతలవారీగా 5.25 శాతానికి తగ్గించింది. దాని వెంటే బ్యాంకులు సేవింగ్స్, ఫిక్స్‌డ్ డిపాజిట్ రేట్లు కూడా తగ్గించాయి. స్టేట్ బ్యాంకు ఆ ఏడాది జూన్ 15 నుంచి సేవింగ్స్ రేటును 2.70 నుంచి 2.50 శాతానికి తెచ్చింది. ఇలా త్రైమాసికం మధ్యలో రేటు మారినప్పుడే లెక్కలో అనుమానాలు వస్తాయి. కింది ప్రశ్నలన్నీ అలాంటి సందర్భాల గురించే.

రేటు మార్పు నోటీసు వచ్చింది. అందులో ముందు ఏం చూడాలి?

ముందుగా అమలు తేదీ చూడండి. నోటీసు మీద వేసిన తేదీ, మీకు ఎస్‌ఎంఎస్ వచ్చిన తేదీ లెక్కకు పనికిరావు. కొత్త రేటు ఏ తేదీ నుంచి వర్తిస్తుందో ఆ తేదీ ఒక్కటే ముఖ్యం.

తర్వాత, మార్పు దేనికి వర్తిస్తుందో చూడండి. సేవింగ్స్ రేటు మారితే పాత ఖాతాలన్నిటికీ ఆ తేదీ నుంచి కొత్త రేటే. ఫిక్స్‌డ్ డిపాజిట్ రేట్ల నోటీసులో మాత్రం కొత్త డిపాజిట్లకు, రెన్యువల్ అయ్యేవాటికి అని రాసి ఉంటుంది. ఇప్పటికే నడుస్తున్న డిపాజిట్‌ను ఆ మార్పు తాకదు.

డిపాజిట్ల పట్టికలో పక్కపక్కనే రెండు నిలువు వరుసలు ఉండవచ్చు. ఒకటి వడ్డీ రేటు, రెండోది వార్షిక రాబడి. 6.80 శాతం రేటుకు మూడు నెలలకోసారి చక్రవడ్డీ కడితే ఏడాది రాబడి 6.98 శాతం దాకా వస్తుంది. రాబడి అంకెను రేటు అనుకుని, బ్యాంకు తక్కువ ఇచ్చిందని ఫిర్యాదు చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. మీ రసీదులో ఉండేది మొదటి వరుసలోని రేటు.

నోటీసును ఆ రోజే పీడీఎఫ్‌గానో ఫొటోగానో దాచుకోండి. కొత్త పట్టిక రాగానే పాతది వెబ్‌సైట్ నుంచి తీసేసే బ్యాంకులున్నాయి. తేదీ కనబడని స్క్రీన్‌షాట్ తర్వాత ఎందుకూ పనికిరాదు.

సేవింగ్స్ ఖాతాలో రేటు మధ్యలో మారితే వడ్డీ ఎలా లెక్కకట్టాలి?

2010 ఏప్రిల్ 1 నుంచి సేవింగ్స్ వడ్డీని రోజువారీ నిల్వ మీదే లెక్కేయాలి. అంతకుముందు నెలలో 10వ తేదీ నుంచి నెలాఖరు దాకా ఉన్న కనీస నిల్వ మీద కట్టేవారు. ఇప్పుడు ఏ రోజు ముగింపు నిల్వకు ఆ రోజు అమల్లో ఉన్న రేటు వర్తిస్తుంది. అలా వచ్చినదంతా కూడబెట్టి, మూడు నెలలకోసారి లేదా అంతకన్నా తరచుగా ఖాతాలో వేస్తారు.

కాబట్టి మీరు చేయాల్సిన అసలు పని, అమలు తేదీ దగ్గర లెక్కను రెండు ముక్కలు చేయడం. ముందు రోజు వరకు పాత రేటు, అమలు తేదీ నుంచి కొత్త రేటు. వడ్డీ జూన్ నెలాఖరులో పడింది కాబట్టి మూడు నెలలకూ అప్పటి రేటే అనుకోకూడదు.

ఒక లెక్క పూర్తిగా చేసి చూపించండి.

ఒక ఖాతాకు వడ్డీ కాలం 2025 ఏప్రిల్ 1 నుంచి జూన్ 30 వరకు, మొత్తం 91 రోజులు అనుకుందాం. రేటు జూన్ 14 వరకు 2.70, జూన్ 15 నుంచి 2.50 శాతం. ఏప్రిల్ 1న నిల్వ రూ.80,000. మే 10న రూ.60,000 జమ అయింది. జూన్ 21న రూ.50,000 తీశారు.

| కాలం | రోజులు | నిల్వ (రూ.) | రేటు |
|---|---|---|---|
| ఏప్రిల్ 1 – మే 9 | 39 | 80,000 | 2.70 |
| మే 10 – జూన్ 14 | 36 | 1,40,000 | 2.70 |
| జూన్ 15 – జూన్ 20 | 6 | 1,40,000 | 2.50 |
| జూన్ 21 – జూన్ 30 | 10 | 90,000 | 2.50 |

జూన్ 15న ఖాతాలో లావాదేవీ ఏదీ జరగలేదు. అయినా అక్కడ కొత్త వరుస మొదలుపెట్టాం, ఎందుకంటే రేటు మారింది. చాలామంది ఈ వరుస దగ్గరే తప్పుతారు.

ఇప్పుడు ప్రతి వరుసలో నిల్వను రోజులతో గుణించండి. మొదటి రెండు వరుసలు కలిపితే 81,60,000. దీన్ని 2.70తో గుణించి 36,500తో భాగిస్తే రూ.603.62 వస్తుంది. చివరి రెండు వరుసలు కలిపితే 17,40,000. దీని మీద 2.50 శాతం లెక్కన రూ.119.18. మొత్తం రూ.722.80. రూపాయి ఖాతాల్లో వడ్డీని దగ్గరి రూపాయికి సవరిస్తారు కాబట్టి ఖాతాలో రూ.723 పడాలి.

స్ప్రెడ్‌షీట్‌లో చేసేవాళ్లు B నిలువు వరుసలో రోజులు, C లో నిల్వ, D లో రేటు పెట్టి ఈ సూత్రం వేస్తే చాలు:

```
=SUMPRODUCT(B2:B5,C2:C5,D2:D5)/36500
```

లీపు సంవత్సరంలో చాలా బ్యాంకులు 366 రోజులతో భాగిస్తాయి. మీ బ్యాంకు పద్ధతి డిపాజిట్ పాలసీలో ఉంటుంది. ఆ ఏడాది లెక్కకు 36500 బదులు 36600 పెట్టండి.

మా లెక్కకు, స్టేట్‌మెంట్‌కు తేడా వచ్చింది. తప్పు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?

పడిన అంకెను బట్టే చాలావరకు తెలుస్తుంది. పై ఖాతానే తీసుకోండి. రూ.723 బదులు రూ.678 పడితే మూడు నెలలకూ 2.50 శాతమే వేశారన్నమాట. రూ.732 పడితే కొత్త రేటు అసలు అమలు చేయలేదు. ఇది మీకు లాభమే అయినా తర్వాత సరిచేసి వెనక్కి తీసుకునే వీలుంది. రూ.712 పడితే కొత్త రేటును జూన్ 15 నుంచి కాకుండా జూన్ 1 నుంచే వేసి ఉంటారు. అందుకే బ్యాంకుకు రాయకముందే ఈ మూడు నాలుగు రకాలుగా లెక్కేసి చూడండి. ‘వడ్డీ తక్కువ పడింది’ అనే కన్నా ‘జూన్ 1 నుంచి 14 వరకు 2.70 బదులు 2.50 వేశారు’ అంటే కౌంటర్‌లో ఉన్నవాళ్లకూ పని తేలిక.

తిరగేసి కూడా చూడవచ్చు. పడిన వడ్డీని 36,500తో గుణించి, నిల్వ–రోజుల మొత్తంతో భాగించండి. పై ఉదాహరణలో ఆ మొత్తం 99,00,000. రూ.723కు సగటు రేటు 2.67 శాతం వస్తుంది. సగటు ఎప్పుడూ పాత, కొత్త రేట్ల మధ్యే ఉండాలి. సరిగ్గా 2.50 వచ్చిందంటే పాత రేటు ఒక్క రోజుకు కూడా వేయలేదని అర్థం.

ఏ రేటు పెట్టినా అంకె కలవడం లేదు. అప్పుడు?

అలాగైతే సమస్య రేటులో కాక నిల్వలోనో రోజుల్లోనో ఉంది. ముందు వడ్డీ కాలం చూడండి. వడ్డీ జమ అయిన వరుసలో వివరణగా ఇలాంటిది కనబడుతుంది:

```
Int.Pd:01-04-2025 to 30-06-2025
```

అందులో ఉన్న రెండు తేదీలే లెక్కకు హద్దులు. వడ్డీ ఏ రోజు పడినా సరే, ఆ హద్దులే తీసుకోవాలి. నెలాఖరుకు కొన్ని రోజుల ముందే వడ్డీ వేసే బ్యాంకుల్లో, మిగిలిన ఆ రోజులు తర్వాతి కాలంలో కలుస్తాయి. వివరణలో తేదీలు లేకపోతే వడ్డీ కాలం ఏదో శాఖలో అడగండి.

తర్వాత నిల్వలు. ఒకే రోజు నాలుగు లావాదేవీలుంటే చివరి వరుసలో ఉన్న నిల్వనే తీసుకోవాలి. మధ్యాహ్నం లక్ష పడి సాయంత్రానికి వేరే ఖాతాకు వెళ్లిపోతే ఆ లక్షకు వడ్డీ లేదు. చెక్కు వేసినప్పుడు స్టేట్‌మెంట్‌లో రెండు తేదీలుంటాయి: నమోదైన తేదీ, విలువ తేదీ. వడ్డీకి విలువ తేదీని పట్టుకోండి.

ఒకటి రెండు రూపాయల తేడా మాత్రం సవరింపుల వల్ల వస్తుంది. దాని వెంట పడనక్కర్లేదు.

నిల్వ ఎక్కువైతే ఎక్కువ రేటు అన్నారు. మొత్తానికీ ఆ రేటే వేయాలి కదా?

లక్ష రూపాయల వరకు నిల్వకు ఒక బ్యాంకులో అందరికీ ఒకే రేటు ఉండాలి. ఆపైన వేర్వేరు శ్లాబులు పెట్టుకోవచ్చు. కానీ చాలా బ్యాంకుల్లో ఎక్కువ రేటు ఆ హద్దు దాటిన సొమ్ముకే వర్తిస్తుంది.

ఉదాహరణకు 5 లక్షల వరకు 2.50, ఆపైన 3 శాతం అన్నారనుకోండి. మీ నిల్వ 7 లక్షలు, 30 రోజులు ఉంది. హద్దు దాటిన 2 లక్షలకే 3 శాతం అయితే వడ్డీ రూ.1,521. మొత్తానికీ 3 శాతం అయితే రూ.1,726. ఏ పద్ధతో నోటీసు అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది చదవకుండా తేడా అడిగితే ఉపయోగం లేదు.

మా ఎఫ్‌డీ నడుస్తుండగా రేట్లు తగ్గాయి. మాకూ తగ్గుతుందా?

స్థిర రేటు డిపాజిట్ అయితే తగ్గకూడదు. పెరిగినా పెరగదు. వేసిన రోజు రసీదులో రాసిన రేటే గడువు దాకా ఉంటుంది. రికరింగ్ డిపాజిట్‌కూ అంతే: మొదటి వాయిదా కట్టిన రోజు రేటే చివరి వాయిదా వరకు. ఫ్లోటింగ్ రేటు డిపాజిట్ అని రసీదులో ఉంటే మాత్రం అది వేరే కథ. దాని రేటు మారుతుంది.

సరిచూడటం సులువు. 2025 మార్చి 10న రూ.2,00,000ను ఏడాదికి 6.80 శాతానికి, వడ్డీ అసలులో కలిసేలా వేశారనుకుందాం. మూడు నెలలకోసారి చక్రవడ్డీ కాబట్టి:

```
=200000*(1+6.8/400)^4
```

గడువుకు రూ.2,13,951 రావాలి. అదే 6.50 శాతంతో లెక్కేస్తే రూ.2,13,320. రేట్లు తగ్గాక ఆన్‌లైన్‌లో డిపాజిట్ వివరాలు ఒకసారి తెరిచి, రేటు, గడువు సొమ్ము రెండూ రసీదుతో పోల్చండి. రెండింటిలో ఏది మారినా అడగాల్సిందే. టీడీఎస్ వల్ల గడువు సొమ్ము తగ్గే సందర్భం ఒకటుంది, దాన్ని కింద చూద్దాం.

ఆటో రెన్యువల్ అయిన డిపాజిట్‌కు ఏ రోజు రేటు?

గడువు తీరిన రోజున అమల్లో ఉన్న రేటు. ఎఫ్‌డీ జూన్ 10న తీరి, కొత్త రేట్లు జూన్ 15న వస్తే, రెన్యువల్‌కు పాత పట్టిక రేటే రావాలి. మీరు శాఖకు వెళ్లి రసీదు జూన్ 18న తీసుకున్నా సరే.

ఎఫ్‌డీల్లో ఎక్కువ తగాదాలు ఈ రెన్యువల్ దగ్గరే వస్తాయి. అన్నిసార్లూ బ్యాంకు తప్పే కాదు. 400 రోజులు, 444 రోజులు వంటి ప్రత్యేక పథకాలకు ప్రత్యేక రేటు ఉంటుంది. గడువు తీరేలోగా పథకం మూసేస్తే, అదే 444 రోజులకు రెన్యువల్ అయినా మామూలు ‘ఏడాది నుంచి రెండేళ్ల లోపు’ వరుసలోని రేటు పడుతుంది. అలాగే వరుసల హద్దులు జాగ్రత్తగా చదవండి. ‘ఏడాది లోపు’, ‘ఏడాది నుంచి’ అనే రెండు వరుసల మధ్య ఒక్క రోజే తేడా. 364 రోజులకు వేసిన డిపాజిట్ మొదటి వరుసలోకే పోతుంది.

ఆటో రెన్యువల్ చెప్పకుండా గడువు దాటి అలాగే ఉండిపోయిన సొమ్ముకు 2021 జులై నుంచి వేరే నియమం ఉంది. ఒప్పందపు రేటు, సేవింగ్స్ రేటు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అదే ఇస్తారు. కాబట్టి సేవింగ్స్ రేటు నోటీసు కూడా ఇలాంటి డిపాజిట్‌కు సంబంధించినదే.

గడువుకు ముందే తీసేశాం. ఏ పట్టిక చూడాలి?

డిపాజిట్ వేసిన రోజు పట్టిక. చాలా బ్యాంకుల పాలసీ ఇలా ఉంటుంది: సొమ్ము ఎన్ని రోజులుందో ఆ కాలానికి, వేసిన రోజున ఉన్న రేటు తీసుకుని, అందులోంచి జరిమానా శాతం తగ్గిస్తారు. ఏడాదికి వేసి 200 రోజులకు తీశారనుకోండి. వేసిన రోజున ఆ కాలానికి 6.25 శాతం, ఇప్పటి పట్టికలో 5.50. జరిమానా అర శాతం. సరైన రేటు 5.75. ఇప్పటి పట్టికతో కడితే 5.00 అవుతుంది. రెండు లక్షల మీద సాధారణ వడ్డీతో చూసినా రూ.6,301కి, రూ.5,479కి రూ.822 తేడా. పాత పట్టిక దాచుకోమన్నది ముఖ్యంగా దీనికోసమే. ఏడు రోజులు నిండకముందే తీస్తే వడ్డీ ఉండదు.

నెలనెలా వడ్డీ తీసుకుంటున్నాం. 6.80 శాతానికి రెండు లక్షల మీద రూ.1,133 రావాలి, రూ.1,127 పడుతోంది. ఎందుకు?

ఇది తప్పు కాదు. డిపాజిట్ వడ్డీకి మూలం మూడు నెలల లెక్క. మూడు నెలలకోసారి తీసుకుంటే రూ.3,400 పూర్తిగా వస్తుంది. నెలనెలా ముందే తీసుకుంటే ఆ మేరకు తగ్గింపు విలువతో ఇస్తారు. 6.80 శాతానికి ఆ లెక్క రూ.1,127 దగ్గరే తేలుతుంది.

ఇంకా బాగా తగ్గి కనిపిస్తే టీడీఎస్ చూడండి. 2025 ఏప్రిల్ 1 నుంచి ఒక బ్యాంకులో డిపాజిట్ వడ్డీ ఏడాదికి రూ.50,000 దాటితే, సీనియర్ సిటిజన్లకు రూ.1,00,000 దాటితే, 10 శాతం కోస్తారు. పాన్ ఇవ్వకపోతే 20 శాతం. రూ.3,400లో రూ.340 పోయి రూ.3,060 చేతికొస్తే, చూడ్డానికి 6.12 శాతం వడ్డీలా ఉంటుంది. రేటును ఎప్పుడూ పన్నుకు ముందు అంకెతోనే సరిచూడాలి. వడ్డీ అసలులో కలిసే డిపాజిట్‌లో టీడీఎస్‌ను అందులోంచే తీస్తే, తర్వాతి చక్రవడ్డీ కూడా తగ్గి, గడువు సొమ్ము రసీదులో ఉన్నదానికన్నా తక్కువ అవుతుంది. ఫారం 26ఏఎస్‌లో ఆ కోత కనబడితే లెక్క సరిపోయినట్టే. సేవింగ్స్ వడ్డీ మీద టీడీఎస్ ఉండదు.

విదేశాల్లో ఉన్న మావాళ్ల ఖాతాలకూ ఇదే లెక్కా?

ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ రూపాయి డిపాజిట్లకు చాలావరకు ఇదే. ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్‌కు కనీస గడువు ఏడాది, అంతకుముందే తీస్తే వడ్డీ రాదు. సీనియర్ సిటిజన్ అదనపు రేటు ఈ ఖాతాలకు ఉండదు. విదేశీ కరెన్సీలో ఉండే ఎఫ్‌సీఎన్‌ఆర్ డిపాజిట్‌కు ఏడాదిని 360 రోజులుగా లెక్కేస్తారు. దాన్ని 365తో భాగిస్తే మీ అంకె బ్యాంకు అంకెతో ఎప్పటికీ కలవదు.

మా గ్రామీణ బ్యాంకు విలీనమైంది. పాత ఎఫ్‌డీ రేటు ఉంటుందా?

ఉండాలి. 2025 మే 1న ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు కలిసి ఒకటయ్యాయి. అలాంటి విలీనంలో పాత ఒప్పందాలు కొత్త బ్యాంకుకు సంక్రమిస్తాయి. సేవింగ్స్ రేటు మాత్రం కొత్త బ్యాంకు ప్రకటించినదే. ఖాతాలు కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చిన తర్వాత మొదటి స్టేట్‌మెంట్‌లో రేటు, గడువు తేదీ, సీనియర్ సిటిజన్ గుర్తింపు మూడూ చూసుకోండి. పుట్టిన తేదీ సరిగా ఎక్కకపోతే రెన్యువల్‌లో అదనపు రేటు పడదు.

తప్పు ఖాయమైంది. ఎలా అడగాలి?

శాఖకు రాతపూర్వకంగా ఇవ్వండి, ఈమెయిల్ అయినా సరే. ఖాతా నంబరులో చివరి నాలుగంకెలు, వడ్డీ కాలం, రేటు మార్పు అమలు తేదీ, మీ పట్టిక, రావాల్సిన సొమ్ము, పడిన సొమ్ము రాయండి. నోటీసు ప్రతి, స్టేట్‌మెంట్‌లో ఆ పేజీ జతచేయండి. ‘ఈ కాలానికి వడ్డీ లెక్క పత్రం ఇవ్వగలరు’ అని ఒక వాక్యం తప్పకుండా చేర్చండి. ఆ పత్రంలో ఏ రోజు నుంచి ఏ రేటు వేశారో ఉంటుంది కాబట్టి వాదన అక్కడితో తేలిపోతుంది. ఫిర్యాదు నంబరు తీసుకోండి.

30 రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చినా సంతృప్తికరంగా లేకపోతే, రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు చేయవచ్చు. రుసుము లేదు. సమాచారానికి 14448 నంబరు ఉంది. బ్యాంకుకు ముందుగా రాయకుండా నేరుగా వెళితే ఫిర్యాదు తిప్పిపంపుతారు.

సవరణ సొమ్ము పడ్డాక విలువ తేదీ చూడండి. పై ఉదాహరణలో రూ.45 తక్కువ పడితే, ఆ రూ.45 జూన్ 30 విలువ తేదీతో రావాలి. ఆగస్టు తేదీతో వస్తే మధ్య రోజుల వడ్డీ పోయినట్టే. ఈ మొత్తానికి అది పైసల్లోనే ఉంటుంది గానీ, లక్షల్లో ఉన్న ఎఫ్‌డీ సవరణలో తప్పకుండా అడగాల్సిన అంశం.